ఒక్క లైను దిద్దడానికి రాసిన ఉత్తరం

పోస్టు కాస్త పెద్దదే. ఉద్యోగంలో చేరినవాళ్లు, చేరబోతున్నవాళ్లు తీరిక చూసుకుని చదవండి.

మన పిల్లలు ఇప్పుడు సచివాలయాల్లో ఉన్నారు, బ్యాంకుల్లో ఉన్నారు, స్వచ్ఛంద సంస్థల్లో ఉన్నారు. డిగ్రీలో చాలా నేర్పారు గానీ, పై అధికారి రాసిన కాగితంలో తప్పు కనిపిస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. "మనకెందుకురా, పెద్దోళ్లు రాసింది" అని ఒగ్గేసేవాళ్లు ఎక్కువ. లేకపోతే అందరి ముందూ అనేసి, ఆ తర్వాత ఆరు నెలలు ఆ అధికారి మొహం చూడలేక అవస్థ పడేవాళ్లు. ఈ రెండూ కాకుండా మూడో దారి ఒకటుంది. మాకు ఎదురైన ఒక్క సంగతి తీసుకుని అదే రాస్తున్నాం.

మేము నలుగురం. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఊళ్లవాళ్లం. ఇద్దరం సవర, ఒకరు జాతాపు, ఒకరు గదబ. అటవీ హక్కుల పని చేసే ఒక సంస్థలో ఫీల్డు సిబ్బందిగా ఉండేవాళ్లం. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. మా మేనేజర్ మేడం మైదానం ఊరావిడ. పనిలో కచ్చితం, మనిషి మంచిది. ఒక గురువారం సాయంత్రం ఆవిడ అందరికీ సర్క్యులర్ పంపారు. అందులో రెండో పేరా ఇలా ఉంది:

"కొండపోడు చేసుకుంటున్నవారు పట్టా కోసం క్లెయిము పెట్టాలంటే, 2005 డిసెంబరు 13కి ముందు 75 ఏళ్లుగా అడవిలో నివాసం ఉన్నట్టు ఆధారం చూపాలి. ఈ విషయం గ్రామాల్లో తెలియజేయవలెను."

సోమవారం అదే మాట కరపత్రంగా ప్రింటుకు వెళ్లాలి. మంగళవారం నుంచి మేము ఊళ్లు తిరగాలి.

చట్టం తెలిసినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2006 అటవీ హక్కుల చట్టం రెండు రకాల మనుషుల గురించి చెబుతుంది. ఒకరు అడవిలో ఉండే షెడ్యూల్డు తెగలవారు, వీళ్ల నిర్వచనం సెక్షన్ 2(సి)లో ఉంది. రెండోవారు ఇతర సంప్రదాయ అటవీ నివాసులు, అంటే ఎస్టీలు కాకపోయినా తరతరాలుగా అడవి మీద బతుకుతున్నవాళ్లు. వీళ్లది సెక్షన్ 2(ఓ). మూడు తరాల షరతు ఉన్నది ఈ రెండోవారికే. తరం అంటే 25 ఏళ్లని అక్కడే వివరణ ఉంది. మూడు ఇరవై అయిదులు 75. ఎస్టీల నిర్వచనంలో తరాల లెక్క లేదు. వాళ్లు అడవిలో ప్రధానంగా నివాసం ఉండి, బతుకుతెరువుకి అడవి మీదో అటవీ భూమి మీదో ఆధారపడి ఉండాలి. భూమి విషయానికి వస్తే, సెక్షన్ 4(3) ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి ఆ భూమి వాళ్ల స్వాధీనంలో ఉండాలి. అంతే.

ఇప్పుడు సర్క్యులర్‌లో మాట ఊళ్లోకి వెళ్తే ఏమవుతుందో చూడండి. 2005లోంచి 75 తీసేస్తే 1930. కొండ మీద జీడి మొక్కలు, అనాస వేసుకున్న సవర తాతని "1930 నుంచి ఉన్నట్టు రుజువుందా?" అని అడిగితే ఆయన ఏమంటాడు? "లేదు బాబూ" అంటాడు. లేచి వెళ్లిపోతాడు. క్లెయిము పెట్టడు. పెట్టని క్లెయిముని ఎవరూ తిరస్కరించరు. అందుకే అది ఏ రికార్డులోనూ కనపడదు, అప్పీలుకి కూడా అవకాశం ఉండదు. మాకు భయం వేసింది అక్కడే. తప్పు చిన్న లైనులో ఉంది, నష్టం మాత్రం లెక్కకు అందనిచోట జరుగుతుంది.

సర్క్యులర్ చూడగానే మాలో ఒకడికి ఒళ్లు మండింది. గ్రూపులోనే జవాబు రాసేద్దామన్నాడు. వద్దని ముందు చట్టం పుస్తకం తీశాం. గుర్తున్నదాన్ని బట్టి దిద్దకూడదని మా నియమం. తెలుగు ప్రతి, ఇంగ్లిషు ప్రతి రెండూ పక్కపక్కన పెట్టి ఆ మూడు సెక్షన్లూ చదివాం. నియమాలకు 2012లో సవరణలు వచ్చాయి కాబట్టి, నిర్వచనం ఏమైనా మారిందా అని అదీ చూశాం. ఆ సవరణలు నియమాల్లో వచ్చినవి. చట్టంలోని ఈ నిర్వచనాలు అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేసుకున్నాం. మేడం రాసిన మాట ఎక్కడైనా నిజమా? నిజమే. అంతకు ముందు రెండు మూడు నెలలు ఆవిడ కొండ దిగువ ఊళ్లలో ఎస్టీలు కాని కుటుంబాల ఫైళ్లు చూస్తున్నారు. వాళ్లకి 75 ఏళ్ల షరతు ఉంది. ఆ ఫైళ్ల మాట ఈ సర్క్యులర్‌లోకి వచ్చి, అందరికీ అన్నట్టు అయిపోయింది. ఈ సంగతి తెలుసుకోవడం మాకు చాలా పనికొచ్చింది. "మీది తప్పు" అనాల్సిన అవసరమే పోయింది. "ఈ షరతు ఫలానావారికి ఉంది, ఫలానావారికి లేదు" అంటే సరిపోతుంది. ఇది మర్యాద కోసం అల్లిన మాట కాదు, జరిగింది అదే. తప్పులో ఉన్న నిజం ముక్కని వెతికి పట్టుకుంటే సగం ఉత్తరం రాసినట్టే.

సర్క్యులర్‌లో మాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి. భాష గట్టిగా ఉంది. తిరగాల్సిన ఊళ్ల వరస మాకు కుదరదు. అవేవీ ఉత్తరంలో పెట్టలేదు. అవి అభిప్రాయాలు, వాటి మీద వాదించుకోవచ్చు. 75 ఏళ్ల సంగతి పుస్తకం తెరిస్తే తేలిపోయేది. రెండూ కలిపితే, తేలిపోయేది కూడా వాదంలా కనబడుతుంది. ఒక ఉత్తరంలో ఒక తప్పే ఉండాలి.

ఇక ఎవరికి రాయాలి, ఎక్కడ రాయాలి? సర్క్యులర్ గ్రూపులో వచ్చింది కదా, గ్రూపులోనే చెబితే అందరికీ ఒకేసారి తెలుస్తుందని అనిపిస్తుంది. కానీ ముప్పై మంది చూస్తుండగా చెబితే ఆవిడ ముందు తన మాట నిలబెట్టుకోవాలి, తర్వాతే పుస్తకం చూడాలి. మెయిల్లో ఒక్కరికే పంపితే నేరుగా పుస్తకమే చూస్తారు. పై డైరెక్టర్‌కి కాపీ పెట్టడం కూడా మానేశాం. మొదటి ఉత్తరంలోనే పైవాళ్లకి కాపీ పెడితే అది దిద్దుబాటులా ఉండదు, ఫిర్యాదులా ఉంటుంది. ఫోన్లో చెబితే పోయేదే అని కూడా అనుకున్నాం. కానీ మా వైపు సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే, సగం మాట వినపడుతుంది. పైగా ప్రెస్సువాడికి వెళ్లాల్సింది రాసిన వాక్యం. ఫోన్లో "సరే చూద్దాం" అంటే ఆ వాక్యం అలాగే ఉండిపోతుంది.

ఉత్తరం రాయడానికి కూర్చున్నాక తెలిసింది, తెలుగులో చిన్న చిన్న మాటలే మనిషిని కుడతాయని. "ఎస్టీలకు ఈ షరతు లేదు కదా" అని రాశారనుకోండి. ఆ "కదా"లో "ఇంతమాత్రం మీకు తెలియదా" అన్నది దాగి ఉంటుంది. "అసలు చట్టంలో", "నిజానికి" అని మొదలెట్టినా అంతే, అవతలివాళ్లు అబద్ధం చెప్పినట్టు వినపడుతుంది. "గమనించగలరు" మర్యాదగానే ఉన్నట్టుంటుంది గానీ, అది పైనుంచి కిందకి వచ్చే మెమోల్లో మాట. కిందివాళ్లు పైకి రాస్తే హెచ్చరికలా ఉంటుంది. "మీరు 75 ఏళ్లని రాశారు" అంటే వేలు మనిషి మీదకి పోతుంది. "రెండో పేరాలో 75 ఏళ్లని ఉంది" అంటే వేలు కాగితం మీద ఆగుతుంది. మన భాషలో ఈ వీలు ఉండనే ఉంది, వాడుకోవాలి.

అతి వినయం కూడా పని చెయ్యదు. "తమరికి తెలియనిది కాదు, అయినా అల్పులం మనవి చేసుకుంటున్నాం" అని రాస్తే వెటకారమా, భయమా అని చదివేవాళ్లు తికమకపడతారు. అన్నిటికన్నా చిక్కు తెచ్చేది తెలిసి అడిగే ప్రశ్న. "మేడం, 75 ఏళ్లు అన్నది కరెక్టేనాండీ?" అని అమాయకంగా అడిగారనుకోండి. పని హడావిడిలో ఆవిడ "కరెక్టే" అనేస్తారు. అప్పుడేం చేస్తారు? ఇంతకు ముందు ఒక కాగితాన్ని దిద్దాలి, ఇప్పుడు మనిషి నోటిమాటని దిద్దాలి. పైగా ముందే తెలిసి పరీక్ష పెట్టారని ఆవిడకి తర్వాత అర్థమవుతుంది. తెలిసినప్పుడు తెలిసినట్టే చెప్పాలి. నిజంగా అనుమానం ఉంటేనే అడగాలి.

ఇంకొకటి మనకి ప్రత్యేకంగా వచ్చేది. "మేము గిరిజనులం, మా సంగతి మాకు తెలుసు" అని రాయాలనిపిస్తుంది. నిజమే, తెలుసు. కానీ ఆ మాట అన్నాక అవతల మనిషి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. పుట్టుకని సరిచూసుకోలేరు కదా. సెక్షన్ నంబరు ఇస్తే ఆవిడే తెరిచి చూసుకుంటారు, తనకు తానే దిద్దుకుంటారు. మన ఊరి సంగతి చెప్పాల్సినచోట చెప్పాలి, తాత దగ్గర 1930 నాటి కాగితం ఉండదని చెప్పాలి. చట్టం సంగతికి మాత్రం చట్టమే సాక్ష్యం.

చివరికి శుక్రవారం రాత్రి పంపిన ఉత్తరం ఇది. దాదాపు ఉన్నదున్నట్టే పెడుతున్నాం.

"విషయం: కరపత్రం రెండో పేరాలో ఒక వాక్యం, సోమవారం ప్రింటుకు ముందు చూడడానికి.

మేడం, నమస్కారం.

గురువారం సర్క్యులర్ రెండో పేరాలో, క్లెయిము పెట్టేవారు 75 ఏళ్ల నివాసానికి ఆధారం చూపాలని ఉంది. ఈ షరతు సెక్షన్ 2(ఓ) ప్రకారం ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు వర్తిస్తుంది. ఎస్టీల నిర్వచనం సెక్షన్ 2(సి)లో ఉంది, అందులో మూడు తరాల షరతు లేదు. భూమికి సంబంధించి సెక్షన్ 4(3)లో ఉన్నది 2005 డిసెంబరు 13 తేదీ. మూడు పేజీల ఫొటోలు జత చేశాం, ఆ వాక్యాల కింద గీత ఉంది.

మన కరపత్రం రెండు రకాల కుటుంబాలకూ వెళ్తుంది కాబట్టి ఈ కింది వాక్యాలు సరిపోతాయేమో చూడండి:

ఎస్టీ కుటుంబాలు: 2005 డిసెంబరు 13కి ముందు నుంచి భూమి మీ స్వాధీనంలో ఉన్నట్టు ఆధారాలు చూపాలి. 75 ఏళ్ల ఆధారం అవసరం లేదు.

ఎస్టీలు కాని కుటుంబాలు: పై ఆధారాలతో పాటు, ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో నివాసం ఉన్నట్టు కూడా చూపాలి.

మంగళవారం నుంచి ఊళ్లకు వెళ్తున్నాం. మీ నుంచి కబురు వచ్చేవరకు ఈ ఒక్క వాక్యం చెప్పకుండా ఉంటాం. మిగతా పని సర్క్యులర్ ప్రకారమే నడుస్తుంది. ఈ విషయం మీద మేము చూడని ఉత్తర్వు ఏదైనా ఉంటే నంబరు ఇవ్వండి, దానితో కలిపి చదువుకుంటాం."

కింద నలుగురి పేర్లు. అంతే.

ఇందులో ప్రతి ముక్కకీ ఒక పని ఉంది. విషయం లైనులో "తప్పు" అన్న మాట లేదు, కానీ ఎప్పటిలోగా చూడాలో ఉంది. సారీ లేదు, పొగడ్త లేదు. మార్చిన వాక్యం మేమే రాసి ఇచ్చాం, ఎందుకంటే తప్పు చూపించి ఊరుకుంటే దాన్ని సరిచేసే పని కూడా ఆవిడ నెత్తిన పడుతుంది. మంగళవారం మేము ఏం చేస్తామో ముందే చెప్పాం. చెప్పకుండా ఆపితే అది మాట వినకపోవడం అవుతుంది, రాసి ఆపితే జాగ్రత్త అవుతుంది. చివరి వాక్యం మర్యాదకి పెట్టింది కాదు. పై ఆఫీసుల నుంచి మన దాకా రాని కాగితాలు ఉంటాయి, ఆ తలుపు తెరిచి ఉంచాలి.

శనివారం పొద్దున జవాబొచ్చింది. "చూశాను. రెండు రకాలూ విడివిడిగా ఇద్దాం. ఒడిశా సరిహద్దు ఊళ్లకి ఇంకో లైను కలుపుతున్నాను" అని. ఆ లైను మేము అనుకోనిది. సెక్షన్ 4(1) ప్రకారం, ఒక తెగని ఏ రాష్ట్రంలో, ఏ ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా ప్రకటించారో అక్కడే ఆ తెగవారికి ఎస్టీలుగా ఈ హక్కు గుర్తిస్తారు. అటు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల విషయంలో ఇది ముందే చూసుకోవాలి. ఆవిడకి తెలిసినది మాకు ఇచ్చారు, మాకు తెలిసినది ఆవిడ తీసుకున్నారు. అవమానపడి ఉంటే ఆ లైను రాసేవారా?

మధ్యాహ్నం ఆవిడే గ్రూపులో "సవరించిన కాపీ, పాతది వాడవద్దు" అని తేదీ వేసి పెట్టారు. మేము "అందింది మేడం" అన్నాం. "మేము చెప్పాక మార్చారు" అని ఎక్కడా అనలేదు, టీ దగ్గర కూడా. దిద్దిన మాట మేనేజర్ పేరు మీదే బయటికి రావాలి. అప్పుడే మిగతా సిబ్బంది దాన్ని పాటిస్తారు. పాత కాపీని గ్రూపులోంచి తీసేసినంత మాత్రాన పని అవదు, అప్పటికే ఎవరో ఎక్కడికో పంపేసి ఉంటారు. అందుకే పాత వాక్యం ఏది, కొత్త వాక్యం ఏది, ఏ తేదీ అన్నది స్పష్టంగా ఉండాలి.

ఇలా అన్నిసార్లూ జరగదు. జవాబు రాకపోతే? మేము ముందే అనుకున్నాం, ఆదివారం సాయంత్రం దాకా చూసి, అదే మెయిలు కింద రెండు లైన్లు రాద్దామని: "మేడం, రేపు ప్రింటు ఉంది కాబట్టి గుర్తుచేస్తున్నాం. ఈ పేరా వరకు ఆపమని ప్రెస్సుకి చెప్పమంటారా?" అని. ఆ ప్రశ్నకి అవునో కాదో అంటే చాలు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, లేదా "నేను చెప్పిందే రైటు" అంటే, అప్పుడు డైరెక్టర్‌కి రాయాలి. అదీ ఆవిడకి తెలిసేలా, ఆవిడని కూడా అందులో ఉంచి, "ఈ సెక్షన్ మీద మాకు, మేడానికి వేరే అర్థాలు వస్తున్నాయి, స్పష్టత ఇవ్వండి" అని. చాటుగా రాస్తే మాత్రం రేపటి నుంచి ఆ ఆఫీసులో ఎవరూ మనల్ని నమ్మరు. ఎంత మెత్తగా రాసినా కొందరికి కోపం వస్తుంది, అదీ తెలిసే రాయాలి. తాత భూమి పోతుందంటే ఆ కోపం భరించాలి. రిపోర్టులో ఊరి పేరుకి ఒత్తు తప్పితే, మార్జిన్‌లో చిన్న టిక్కు పెట్టి ఇచ్చేస్తే చాలు, దానికి ఉత్తరం అక్కర్లేదు.

మన వైపు తప్పులు పట్టడం అనగానే గుర్తొచ్చే పెద్దాయన గిడుగు రామమూర్తి పంతులు గారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే తప్పులు ఏరి 'గద్య చింతామణి'లో బయటపెట్టారు. అది లోకం ముందు జరిగిన వాదం, అక్కడ గెలవడం అవసరం. మాది అలాంటిది కాదు. సోమవారం పొద్దున అదే మేడంతో అదే జీపులో కొండ ఎక్కాలి. ఆవిడ చేతిలో ఉన్న కాగితం సరిగ్గా ఉండాలి, అంతే మాకు కావలసింది.

మంగళవారం మొదటి ఊళ్లో కొత్త కరపత్రం చదివి వినిపించాం. ఒక పెద్దాయన లేచి, "నా దగ్గర పాత కాగితాలేవీ లేవు, మరి నాకేటి?" అని అడిగాడు. నియమం 13లో ఉన్న ఆధారాల జాబితా చదివి చెప్పాం. క్లెయిము పెట్టే మనిషి కాకుండా ఊళ్లో ఇతర పెద్దలు చెప్పిన మాట రాయించుకుంటే అదీ ఆధారమే, అలాంటివి కనీసం రెండు రకాలు ఉండాలి అని. ఆయన పక్కనున్న ముసలాయన వైపు తిరిగి, "అయితే నువ్వు నాకు చెప్పు, నాను నీకు చెప్తాను" అన్నాడు. ఆ రోజు ఆ ఊళ్లో పదకొండు ఫారాలు నింపాం.